కాలు బెణికితే కాలేజీకి లీవ్ లెటర్ ఎలా రాయాలి?

కాలు బెణికి డాక్టరు రెస్ట్ తీసుకోమన్నారంటే చాలామంది వెంటనే తెల్లకాగితం తీస్తారు. "ఒంట్లో బాగాలేనందున పది రోజులు సెలవు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను" అని రెండు వాక్యాలు రాసి, క్లాస్‌మేట్ చేతికిచ్చి పంపిస్తారు. క్లాస్ టీచర్‌గా అలాంటి లెటర్లు చదివే నాకు అందులో కావాల్సిన సంగతులే దొరకవు. ఏమైంది, ఎప్పుడైంది, డాక్టరు ఎన్ని రోజులు నడవొద్దన్నారు, ఏ తేదీన మళ్లీ క్లాసుకి వస్తారు అన్నవి అందులో ఉండవు. ఇవి లేకపోతే సెలవు ఇచ్చినా, సెమిస్టర్ చివర్లో అటెండెన్స్ తక్కువైనప్పుడు ఆ లెటర్ మీకు పనికిరాదు.

కాబట్టి ఈ పనిని లెటర్ దగ్గర కాకుండా ఆసుపత్రి దగ్గర మొదలుపెట్టాలి. ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా అదే చూద్దాం. బీఎస్సీ మూడో సెమిస్టర్ చదివే ఒక అమ్మాయి 2025 ఆగస్టు 4, సోమవారం సాయంత్రం బస్సు దిగుతుంటే కాలు జారి పాదం లోపలికి మడత పడింది అనుకోండి. కుడి చీలమండ బయటివైపు వాచింది, నేల మీద మోపితే నొప్పి. మంగళవారం ఉదయం డాక్టరుకు చూపించుకుంది.

మొదటి పని: రెస్ట్ ఎన్ని రోజులో చీటీ మీద రాయించుకోండి

చీలమండ బెణకడం అంటే అక్కడి ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్లు సాగిపోవడం, లేదా కొంత చిరగడం. పాదం లోపలికి మడత పడినప్పుడు సాధారణంగా బయటివైపు లిగమెంట్లే దెబ్బతింటాయి. డాక్టరు చీలమండకు రెండువైపులా ఉబ్బెత్తుగా ఉండే ఎముకల వెనక అంచున, పాదం ఎముకల మీద నొక్కి చూస్తారు. నాలుగు అడుగులు వేయగలరా అని అడుగుతారు. ఎముక మీదే నొప్పి ఉన్నా, నాలుగు అడుగులు కూడా వేయలేకపోయినా ఎక్స్‌రే తీయిస్తారు. మన ఉదాహరణలో ఎక్స్‌రే తీశారు, ఎముక విరగలేదు. లిగమెంట్ కొంత చిరిగిన గ్రేడ్ 2 బెణుకు అని తేలింది. క్రేప్ బ్యాండేజ్ కట్టించారు, కాలు ఎత్తు మీద పెట్టుకోమన్నారు, ఐస్ పెట్టమన్నారు, నొప్పికి మాత్రలు రాశారు. "పది రోజులు బాగా రెస్ట్ తీసుకోమ్మా, తర్వాత ఒకసారి చూపించు" అన్నారు.

చిక్కు వచ్చేది ఇక్కడే. మందులు, బ్యాండేజ్ గురించి చీటీ మీద ఉంటుంది. పది రోజుల మాట మాత్రం చాలాసార్లు నోటిమాటగానే మిగిలిపోతుంది. ఇంటికొచ్చి లెటర్‌లో "డాక్టరు పది రోజులు విశ్రాంతి తీసుకోమన్నారు" అని రాస్తే, జత చేసిన చీటీలో ఆ ముక్క ఉండదు. అందుకే గది నుంచి బయటికి రాకముందే అడగండి: "డాక్టర్ గారూ, కాలేజీలో ఇవ్వాలి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు రెస్ట్ కావాలో చీటీలో రాసివ్వండి." ఇలా అడిగితే ఏ డాక్టరూ విసుక్కోరు. "పది రోజులు" అని మాత్రమే ఉంటే ఏ రోజు నుంచి లెక్కపెట్టాలన్న అనుమానం వస్తుంది. రెండు తేదీలూ ఉంటే ఆ బాధ ఉండదు. మన ఉదాహరణలో ఆగస్టు 5 నుంచి 14 వరకు అని, 14న రివ్యూకి రావాలని రాశారు.

వారానికి మించి సెలవు కావాలంటే చాలా కాలేజీలు మందుల చీటీతో సరిపెట్టుకోవు, విడిగా మెడికల్ సర్టిఫికెట్ అడుగుతాయి. మీ కాలేజీ పద్ధతి తెలియకపోతే అదే రోజు సర్టిఫికెట్ కూడా తీసుకోండి. కుంటుకుంటూ రెండోసారి ఆసుపత్రికి వెళ్లే శ్రమ తప్పుతుంది. సర్టిఫికెట్‌లో మీ పేరు కాలేజీ రికార్డులో ఉన్నట్టే ఉండాలి. డాక్టరు సంతకం, ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. మీ సంతకం, ఒక పుట్టుమచ్చ లాంటి గుర్తింపు చిహ్నం కూడా సర్టిఫికెట్‌లో నమోదు కావాలని వైద్యుల వృత్తి నిబంధనలు చెబుతున్నాయి. ఆ గళ్లు ఖాళీగా ఉంటే అక్కడే పూర్తి చేయించుకోండి.

ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గర కట్టు కట్టించుకున్నవాళ్లు, పుత్తూరు కట్టు లాంటి నాటు కట్టు వేయించుకున్నవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. కాలేజీ ఆఫీసు చూసేది డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు. అది లేని కాగితం సెలవుకు ఆధారంగా నిలబడదు. కట్టు ఎక్కడ కట్టించుకున్నా, ప్రభుత్వ ఆసుపత్రిలోనో రిజిస్టర్డ్ డాక్టరు దగ్గరో ఒకసారి చూపించుకుని చీటీ తీసుకోండి. ఎముక విరగలేదని తెలుసుకోవడానికైనా ఆ పని చేయాల్సిందే. దెబ్బ తగిలిన మొదటి రెండు రోజులు మర్దన చేయించడం, వేడి కాపడం పెట్టడం వద్దు. వాపు పెరుగుతుంది, సెలవు రోజులూ పెరుగుతాయి.

రెండో పని: ఆ రోజే క్లాస్ టీచర్‌కి కబురు చేయండి

లెటర్ చేరడానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. అంతలోపు మీరెందుకు రావట్లేదో క్లాస్‌లో ఎవరికీ తెలియకుండా ఉండకూడదు. డాక్టరు దగ్గర నుంచి రాగానే ఒక చిన్న వాట్సాప్ మెసేజ్ పెట్టి, చీటీ ఫోటో జత చేయండి.

"నమస్తే మేడమ్. నేను బీఎస్సీ మూడో సెమిస్టర్ విద్యార్థిని, రోల్ నంబర్ ____. నిన్న సాయంత్రం బస్సు దిగుతుంటే కుడి కాలు బెణికింది. డాక్టర్ గారు 14వ తేదీ వరకు నడవొద్దన్నారు. చీటీ ఫోటో పంపుతున్నాను. సెలవు లెటర్ రేపు మా నాన్నగారు తెచ్చి ఇస్తారు."

ఇది చాలు. బ్యాండేజ్ కట్టిన కాలి ఫోటో పంపనక్కర్లేదు. హాస్టల్‌లో ఉంటే వార్డెన్‌కి కూడా చెప్పండి, భోజనం గదికి తెప్పించుకోవడానికి అనుమతి ఆయనే ఇవ్వాలి.

మూడో పని: రాసేముందు రోజులు లెక్కపెట్టుకోండి

ఇక్కడ కొంచెం నిదానంగా చూద్దాం. చాలామంది తప్పు లెక్క వేసుకుని అనవసరంగా టెన్షన్ పడతారు, లేదా ఏమీ కాదని ధీమాగా ఉండి చివర్లో ఇబ్బంది పడతారు.

క్యాలెండర్ ముందు పెట్టుకోండి. ఆగస్టు 5 మంగళవారం నుంచి 14 గురువారం వరకు పది రోజులు. ఇందులో 9వ తేదీ రెండో శనివారం, 10 ఆదివారం. ఈ అమ్మాయి కాలేజీకి రెండో శనివారం సెలవు కాబట్టి ఆమె నిజంగా పోగొట్టుకునేవి 8 పనిదినాలు. 15 స్వాతంత్ర్య దినోత్సవం, 16 కృష్ణాష్టమి, 17 ఆదివారం. అంటే మళ్లీ క్లాసుకు వచ్చేది 18, సోమవారం.

అలాగని సెలవు 17 వరకు అడగాలా? వద్దు. డాక్టరు రాసింది 14 వరకే, మీరు అడగాల్సిందీ 14 వరకే. తర్వాతి మూడు రోజులు అందరికీ సెలవులని, 18న హాజరవుతానని విడిగా ఒక వాక్యం రాయండి. లెటర్‌లో ఒక తేదీ, సర్టిఫికెట్‌లో మరో తేదీ ఉంటే చదివేవాళ్లకు రెండింటి మీదా అనుమానం వస్తుంది. ఎందుకైనా మంచిదని డాక్టరు చెప్పిన దానికి రెండు రోజులు కలిపి అడగడం కూడా ఇలాంటిదే. నిజంగా రోజులు చాలకపోతే పొడిగింపు అడిగే దారి ఉంది, దాని గురించి తర్వాత చెబుతాను.

ఇప్పుడు అటెండెన్స్. మన యూనివర్సిటీల్లో సాధారణంగా కావాల్సింది 75 శాతం. సెమిస్టర్ మొత్తం 90 పనిదినాలు అనుకుందాం. 75 శాతానికి కనీసం 68 రోజులు రావాలి, అంటే మొత్తం మీద 22 రోజుల వరకు మానే వీలుంది. ఆగస్టు 4 నాటికి 40 రోజులు జరిగాయి, ఆమె 35 రోజులు వెళ్లింది. ఈ 8 రోజులు మానాక 48 రోజులకు 35, అంటే దాదాపు 73 శాతం. తిరిగొచ్చిన రోజు నోటీసు బోర్డులో 73 చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. కానీ మిగిలిన 42 రోజులూ మానకుండా వెళితే 90కి 77, అంటే 85 శాతం దాటుతుంది. ఆమె మొత్తం మానింది 13 రోజులే. ఇంకో 9 రోజుల వెసులుబాటు ఉంది.

అదే క్లాస్‌లో ఇంకో అబ్బాయి ఈ దెబ్బకు ముందే 16 రోజులు మానేశాడనుకోండి. అతనికి మొత్తం 24 అవుతాయి, 90కి 66, అంటే 73 శాతం. మిగతా రోజులన్నీ వచ్చినా 75కి చేరడు. ఇలాంటివాళ్లకే కండోనేషన్ అవసరమవుతుంది. జేఎన్‌టీయూ హైదరాబాద్ బీటెక్ నిబంధనల్లో 65 నుంచి 75 శాతం మధ్య ఉన్నవాళ్లకు సరైన కారణం, దానికి ఆధారం ఉంటే, ఫీజు కట్టించుకుని ఆ కొరతను మన్నిస్తారు. 65 కంటే తగ్గితే ఏ కాగితం చూపినా మన్నింపు లేదు, డిటెయిన్ చేస్తారు. మీ యూనివర్సిటీ అంకెలు ఒకసారి ఆఫీసులో కనుక్కోండి. సెలవు మంజూరైతే ఆ రోజులకు హాజరు వేస్తారని చాలామంది అనుకుంటారు. మామూలుగా అలా వేయరు. గైర్హాజరు గైర్హాజరుగానే ఉంటుంది. దానికి సరైన కారణం ఉందని చూపడమే ఈ లెటర్ చేసే పని.

నాలుగో పని: లెటర్ రాయండి

తెల్లకాగితం, ఒకే పేజీ, ఒకవైపే. ఎడమవైపు పంచ్ చేయడానికి ఖాళీ వదలండి. ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇంగ్లిష్‌లో రాయమంటారు. భాష మారినా వరుస ఇదే.

తేదీ: 06-08-2025

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,
ప్రభుత్వ డిగ్రీ కళాశాల, ________.
ద్వారా: వృక్షశాస్త్ర విభాగాధిపతి గారు.

విషయం: కుడి చీలమండ బెణికినందున 05-08-2025 నుంచి 14-08-2025 వరకు వైద్య సెలవు కోరుతూ.

అయ్యా,

నేను మన కళాశాలలో బీఎస్సీ రెండో సంవత్సరం, మూడో సెమిస్టర్ చదువుతున్నాను. నా రోల్ నంబర్ ____.

ఆగస్టు 4, సోమవారం సాయంత్రం కళాశాల నుంచి ఇంటికి వెళ్తూ బస్సు దిగే సమయంలో కాలు జారి నా కుడి చీలమండ బెణికింది. 5వ తేదీన ________ ఆసుపత్రిలో చూపించుకున్నాను. ఎక్స్‌రేలో ఎముకకు దెబ్బ తగలలేదని తేలింది. లిగమెంట్ దెబ్బతిన్నందున కాలి మీద బరువు మోపకుండా 05-08-2025 నుంచి 14-08-2025 వరకు విశ్రాంతి తీసుకోవాలని డాక్టర్ గారు సూచించారు.

కావున ఆ పది రోజులకు (8 పనిదినాలు) సెలవు మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను. 15 నుంచి 17 వరకు కళాశాలకు సెలవులు కాబట్టి 18-08-2025, సోమవారం తరగతులకు హాజరవుతాను.

ఆగస్టు 12న జరిగే మొదటి ఇంటర్నల్ పరీక్షకు, 6, 13 తేదీల్లోని ప్రాక్టికల్ తరగతులకు హాజరు కాలేకపోతున్నాను. వాటిని తర్వాత పూర్తి చేసుకోవడానికి అవకాశం ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు
తమ విధేయురాలు,
(సంతకం, పేరు, ఫోన్ నంబర్)

తల్లి లేదా తండ్రి సంతకం:

జతపరచినవి: మెడికల్ సర్టిఫికెట్, డాక్టరు చీటీ నకలు, ఎక్స్‌రే రిపోర్టు నకలు.

ప్రిన్సిపాల్ మేడమ్ అయితే "అయ్యా" బదులు "అమ్మా" అని రాయండి. విషయం అన్న వరుసలోనే కారణం, రెండు తేదీలు వచ్చేశాయి చూడండి. ఆఫీసులో కట్టలోంచి మీ కాగితం వెతికేవాళ్లు చదివేది ఆ ఒక్క వరుసే. కుడి కాలా ఎడమ కాలా అన్నది కూడా రాయండి, రాసేముందు చీటీతో సరిచూసుకోండి. లెటర్‌లో కుడి, చీటీలో ఎడమ అని ఉంటే నిజమైన దెబ్బ కూడా అబద్ధంలా కనిపిస్తుంది.

ఇంటర్నల్ పరీక్ష సంగతి విడి పేరాలో ఎందుకు రాయాలంటే, సెలవు ఇచ్చేది ప్రిన్సిపాల్ గారు, పరీక్ష మళ్లీ పెట్టడం గురించి చూసేది విభాగం. సెలవు మంజూరైనంత మాత్రాన మార్కుల సంగతి దానంతటదే తేలదు. మానిన ఇంటర్నల్‌కి బదులు పరీక్ష పెట్టాలా వద్దా అన్నది ఒక్కో యూనివర్సిటీలో ఒక్కోలా ఉంటుంది. పరీక్ష తేదీ కంటే ముందే అడిగినవాళ్ల మాట వింటారు, అయిపోయాక అడిగితే కష్టం.

బెణుకుని ఫ్రాక్చర్ అని పెంచి రాయకండి. ఎక్స్‌రే రిపోర్టు పక్కనే ఉంటుంది. గ్రేడ్ 2 బెణుకుకి పది రోజులు సెలవు అడగడానికి మొహమాటపడాల్సిన పనీ లేదు. ఈ స్థాయి దెబ్బ పూర్తిగా మానడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి పది రోజుల్లో మెట్లెక్కి దిగుతూ, బస్సులో నిలబడి వెళ్తే అదే చీలమండ మళ్లీ మళ్లీ బెణికే ప్రమాదం ఉంది.

దెబ్బ సోమవారం తగిలి, ఇంట్లోనే చూసుకుని శుక్రవారం డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లకు ఒక ఇబ్బంది. డాక్టరు తాను చూసిన రోజు నుంచే సర్టిఫికెట్ ఇవ్వగలరు. వెనకటి తేదీ వేసి ఇమ్మని బతిమాలకండి. లెటర్‌లో ఉన్నదున్నట్టు రాయండి: "మంగళవారం నుంచి గురువారం వరకు తగ్గుతుందని ఇంట్లోనే ఉన్నాను, తగ్గకపోవడంతో శుక్రవారం డాక్టరుకు చూపించాను." ఆ మూడు రోజులకు మీ తల్లిదండ్రుల సంతకమే ఆధారం. దాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్నది కాలేజీ నిర్ణయం.

ఐదో పని: ఇచ్చి, అందినట్టు రాయించుకోండి

ముందు క్లాస్ టీచర్, తర్వాత విభాగాధిపతి సంతకాలు, ఆ తర్వాత ప్రిన్సిపాల్ ఆఫీసు. నాన్నగారో, స్నేహితురాలో తీసుకెళ్తే లెటర్ రెండు కాపీలు ఇవ్వండి. రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ, ఉంటే ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకుని తెమ్మనండి. సర్టిఫికెట్ అసలు ప్రతి ఇవ్వాల్సి వస్తే ముందే జిరాక్స్ తీసుకోండి. ఎక్స్‌రే ఫిల్మ్ మాత్రం ఇవ్వకండి, రివ్యూలో డాక్టరుకు కావాలి.

ఆరో పని: 14వ తేదీ రివ్యూ తర్వాత

రివ్యూలో రెండు రకాలుగా జరగొచ్చు. వాపు తగ్గలేదు, ఇంకో వారం కావాలి అన్నారనుకోండి. అప్పుడు కొత్త తేదీలతో కొత్త చీటీ తీసుకుని అదే రోజు పొడిగింపు లెటర్ పంపాలి. పాతదంతా మళ్లీ రాయనక్కర్లేదు. "06-08-2025 నాటి నా లెటర్‌కు కొనసాగింపుగా" అని మొదలుపెట్టి, రివ్యూ తేదీ, డాక్టరు చెప్పిన మాట, కొత్త తేదీలు, తిరిగొచ్చే రోజు రాస్తే సరిపోతుంది. ఇది కూడా పనిదినాల్లో లెక్కపెట్టుకుని అటెండెన్స్ లెక్క మరోసారి సరిచూసుకోండి.

రెండోది, మన ఉదాహరణలోది. వాపు తగ్గింది, యాంకిల్ సపోర్ట్ వేసుకుని నడవొచ్చు, కాలేజీకి వెళ్లొచ్చు, కానీ ఆగస్టు 31 వరకు మెట్లు తగ్గించాలి, పరుగులు, ఆటలు వద్దు అన్నారు. ఈ మాటలు కూడా చీటీ మీద రాయించుకుని, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకోవాలి. 18న దాంతోపాటు ఒక చిన్న లెటర్ ఇవ్వాలి:

"వైద్య సెలవు ముగించుకుని నేడు, అనగా 18-08-2025న తరగతులకు హాజరవుతున్నాను. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ జతపరిచాను. డాక్టర్ గారి సూచన మేరకు ఆగస్టు 31 వరకు ఆటల నుంచి, ఎన్‌సీసీ పరేడ్ నుంచి మినహాయింపు ఇవ్వాలని, ల్యాబ్‌కు వెళ్లడానికి లిఫ్ట్ వాడుకునేందుకు అనుమతించాలని కోరుతున్నాను."

చాలా కాలేజీల్లో లిఫ్ట్ సిబ్బందికే, విద్యార్థులు ఎక్కకూడదు. లిఫ్టే లేని చోట, మెట్లు నిదానంగా ఎక్కాలి కాబట్టి పీరియడ్ మొదట్లో ఐదు నిమిషాలు ఆలస్యంగా వచ్చినా అనుమతించమని అడగండి. నోటితో అడిగితే ఒక లెక్చరర్‌కి తెలుస్తుంది, ఇంకొకరికి తెలియదు. ఆ రెండు వారాలూ సంతకమైన కాగితం బ్యాగ్‌లో ఉంచుకోండి.

అదే రోజు విభాగానికి వెళ్లి ఇంటర్నల్ పరీక్ష సంగతి, రెండు ల్యాబ్‌ల సంగతి అడిగి తేదీలు రాసుకోండి. అటెండెన్స్ రిజిస్టర్‌లో మీ పేరు ఎక్కడైనా కొట్టేశారేమో కూడా చూసుకోండి, వరుసగా ఎక్కువ రోజులు రానివాళ్ల పేరు కొన్నిచోట్ల తీసేస్తారు.

కాగితాలన్నీ, అంటే లెటర్ల కాపీలు, సర్టిఫికెట్ల జిరాక్స్‌లు, చీటీలు, ఆసుపత్రి రసీదులు, ఒకే కవర్‌లో పెట్టి సెమిస్టర్ ఫలితాలు వచ్చేదాకా ఉంచండి. సెమిస్టర్ చివర్లో అటెండెన్స్ తక్కువైనవాళ్ల జాబితా బోర్డులో పెడతారు, దానికి అర్జీ పెట్టుకునే గడువు కొద్ది రోజులే ఉంటుంది. మీ పేరు అందులో ఉంటే, కండోనేషన్ అర్జీకి ముద్ర వేసిన లెటర్ కాపీ, మెడికల్ సర్టిఫికెట్ జిరాక్స్, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ జిరాక్స్ జతచేసి, గడువులోపు ఫీజు కట్టి ఆఫీసులో ఇవ్వండి.